పాత మిషన్ మారిస్తే మిగిలేదెంత?

ఒక రైస్‌మిల్లు లెక్క చూద్దాం. కొత్త కలర్ సార్టర్ ధర 20 లక్షలు, పాతది అమ్మితే 4 లక్షలొస్తాయి. అంటే అదనంగా పెట్టేది 16 లక్షలే. నూక, కరెంటు తగ్గి ఏటా 5 లక్షలు కలిసొస్తే, 30 శాతం పన్ను పోను మిగిలేది మూడున్నర లక్షలు.

తరుగుదల చేతి నుంచి పోయే డబ్బు కాదు, కానీ పన్ను తగ్గిస్తుంది. మన ఆదాయపు పన్ను లెక్కలో పాతదాని అమ్మకపు సొమ్ము తీసేసి, ఆ 16 లక్షల మీద 15 శాతం, అంటే 2.4 లక్షల తరుగుదల చూపొచ్చు. దానివల్ల 72 వేల పన్ను తప్పుతుంది. మొత్తం మొదటి ఏడు అదనపు రాబడి 4.22 లక్షలు. రెండో ఏడు తరుగుదల తగ్గి, పన్ను ఆదా 61,200కి దిగుతుంది.

చివర్లో కొత్తది అమ్మగా వచ్చే సొమ్ములోంచి, పాతదే ఉంచుకుంటే అప్పటికి పలికే ధర తీసేయాలి. ఇది మరిస్తే లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.