లీగ్ మధ్యలో విజేత ధర: అనుకరణ పద్ధతి - ఒక పరిశీలన

2023-24 ఐ-లీగ్‌లో 13 జట్లు తలా 24 మ్యాచ్‌లు ఆడాయి. మహమ్మడన్ స్పోర్టింగ్ 52 పాయింట్లతో విజేతగా, హైదరాబాద్‌కు చెందిన శ్రీనిధి దక్కన్ 48 పాయింట్లతో ద్వితీయ స్థానంలో నిలిచాయి. నెరోకా, ట్రావ్ దిగువ శ్రేణికి పడిపోయాయి. ఇటువంటి లీగ్ మధ్యలో విజేత ధరను నిర్ణయించడానికి ప్రస్తుత పట్టికను తీసుకొని, మిగిలిన ప్రతి మ్యాచ్ ఫలితాన్ని రేటింగ్‌ల ఆధారంగా వేలసార్లు అనుకరిస్తారు. ఒక జట్టు ఎన్నిసార్లు అగ్రస్థానంలో నిలిచిందో ఆ నిష్పత్తే దాని సంభావ్యత. దాని విలోమమే ధర. (తెలంగాణలో 2017 నుండి ఆన్‌లైన్ పందెం నిషిద్ధం, ఇక్కడ చర్చ గణనకే పరిమితం.) విజేత సంభావ్యతల మొత్తం 1 కావాలి. రెండు జట్లు పడిపోయే లీగ్‌లో పతన సంభావ్యతల మొత్తం 2 కావాలి. కాకపోతే లెక్కలో లోపమున్నట్లే.

అయితే అసలు పొరపాటు రేటింగ్‌ల వద్ద జరుగుతుంది. సమాన బలం గల రెండు జట్లకు చెరి 6 మ్యాచ్‌లు మిగిలి, ఒకటి 4 పాయింట్లు ముందున్నదనుకుందాం. మ్యాచ్‌కు గెలుపు 50, డ్రా 25 శాతమైతే, పాయింట్ల తేడా విచలనం సుమారు 4.5, ముందున్న జట్టుకు 81 శాతం అవకాశం. కాని ఆ సమాన బలమన్నది కూడా అంచనాయే. అందులో మ్యాచ్‌కు అర పాయింటు విచలనముంటే, అది 6 మ్యాచ్‌లలోనూ ఒకే దిశలో పేరుకొని 3 పాయింట్లవుతుంది. అప్పుడు మొత్తం విచలనం 5.4; అవకాశం 77 శాతం. వెనుకనున్న జట్టు ధర మాత్రం 5.3 నుండి 4.3కు దిగుతుంది. కనుక రేటింగ్‌ను ప్రతి మ్యాచ్‌కూ కాక, ప్రతి అనుకరణ ఆరంభంలో ఒక్కసారి యాదృచ్ఛికంగా ఎంచుకొని, చివరి మ్యాచ్ వరకు అదే కొనసాగించాలి.