జీడిపప్పు బిల్లు డబ్బు ఆలస్యమైతే: బిల్లు డిస్కౌంటింగ్ మేలా, ఓవర్‌డ్రాఫ్ట్ మేలా?

ఉద్దానంలో జీడి పిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి. పిక్కలు కొన్నప్పుడు రైతుకు వెంటనే డబ్బు కట్టాలి. వాటిని ఉడికించి, కొట్టించి, గుండు, బద్ద, ముక్కగా వేరు చేసి పప్పు పంపేసరికి కొన్ని నెలలు గడుస్తాయి. ఆ తర్వాత కొన్న కంపెనీ నుంచి డబ్బు రావడానికి మరో రెండు మూడు నెలలు పడుతుంది. పలాస, కాశీబుగ్గ, టెక్కలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు చిన్న యూనిట్ నడిపే రైతులకూ, సొంతంగా పప్పు తీసి అమ్మే రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ ఈ ఎదురుచూపు తెలిసిందే.

ఈ లోపు పంట రుణం గడువు మీద పడవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల రూపాయల వరకు పంట రుణాన్ని గడువులోగా కడితే 7 శాతం వడ్డీలో 3 శాతం రాయితీ వస్తుంది. బిల్లు డబ్బు సమయానికి రాక ఆ గడువు దాటితే రాయితీ పోతుంది. అందుకే చాలామంది బిల్లు మీద ముందుగా డబ్బు తీసుకోవాలని చూస్తారు. దీన్నే బిల్లు డిస్కౌంటింగ్ లేదా ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ అంటారు. రెండో దారి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో తెలియాలంటే వడ్డీ శాతం ఒక్కటే చూస్తే చాలదు. కొన్నవారు ఆలస్యం చేస్తే ఆ భారం ఎవరి మీద పడుతుందో ముందు చూడాలి.

బిల్లు డిస్కౌంటింగ్ అంటే ఏమిటి?

మీరు సరుకు పంపి బిల్లు ఇచ్చారు. ఆ బిల్లు డబ్బు 45 రోజులకు రావాలి. ఆ హక్కును మీరు ఒక బ్యాంకుకో, ఫైనాన్స్ కంపెనీకో రాసిస్తారు. వారు వడ్డీ, ఫీజు తీసుకుని మిగతా సొమ్ము ఇప్పుడే ఇస్తారు. గడువు రోజున కొన్న కంపెనీ డబ్బు వారికే కడుతుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది పూచీ ఉన్నది. కంపెనీ డబ్బు కట్టకపోతే మీరే తిరిగి కట్టాలి. చాలా ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చేది ఇదే. రెండోది పూచీ లేనిది. కంపెనీ కట్టకపోయినా మిమ్మల్ని అడగరు. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ‘ట్రెడ్స్’ వేదికలపై చిన్న యూనిట్లకు దొరికేది ఈ రెండో రకం. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1 ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ ఇలాంటి వేదికలు.

ట్రెడ్స్‌లో పని ఇలా జరుగుతుంది

ముందుగా మీ యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. udyamregistration.gov.in లో ఇది ఉచితం. మధ్యవర్తికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా వివరాలతో ట్రెడ్స్ వేదికలో చేరాలి. సరుకు పంపాక బిల్లును అందులో పెడతారు. కొన్న కంపెనీ అదే వేదికలో ‘ఈ బిల్లు సరైనదే, గడువుకు కడతాను’ అని ఒప్పుకోవాలి. అప్పుడు బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు వడ్డీ రేటు పాడతాయి. మీకు నచ్చిన రేటు ఒప్పుకుంటే డబ్బు మీ ఖాతాలో పడుతుంది. గడువు రోజున కంపెనీ ఖాతా నుంచి సొమ్ము నేరుగా బ్యాంకుకు వెళుతుంది.

ఇక్కడ రేటు మీ ఆస్తిని బట్టి కాకుండా, కొన్న కంపెనీ పరపతిని బట్టి వస్తుంది. పేరున్న పెద్ద కంపెనీ బిల్లు అయితే, పొలం తాకట్టు పెట్టకుండానే తక్కువ వడ్డీకి డబ్బు దొరకవచ్చు.

కానీ కొన్నవారు ట్రెడ్స్‌లో చేరి ఉండాలి. వార్షిక టర్నోవరు 250 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు చేరాలని కేంద్రం 2024 నవంబరులో ఆదేశించింది. అంతకు ముందు ఈ హద్దు 500 కోట్లు. పలాసలోని వ్యాపారికో, ఊళ్లోని మిఠాయి దుకాణానికో పప్పు అమ్మితే ఈ దారి పనిచేయదు. చేరిన కంపెనీ కూడా బిల్లు ఒప్పుకోవడానికి రోజులు పెట్టవచ్చు. ఆర్డరు తీసుకునేటప్పుడే ‘మీరు ట్రెడ్స్‌లో ఉన్నారా, ఎన్ని రోజుల్లో బిల్లు ఒప్పుకుంటారు’ అని అడగండి.

ఒక బిల్లుతో లెక్క

మీరు 6 లక్షల రూపాయల పప్పు పంపారనుకుందాం. ఒప్పందం ప్రకారం 45 రోజులకు డబ్బు రావాలి. మీకు పదో రోజున డబ్బు కావాలి, అంటే మిగిలింది 35 రోజులు. కింది రేట్లు లెక్క కోసం తీసుకున్నవి. మీకు చెప్పిన రేట్లు పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఏడాదికి 11 శాతం అనుకుందాం. 6 లక్షలు 35 రోజులు వాడితే వడ్డీ 6,329 రూపాయలు. ఏటా కట్టే రెన్యువల్ ఫీజు, తాకట్టు ఖర్చులు దీనికి అదనం.

ట్రెడ్స్‌లో 9 శాతానికి దొరికితే 35 రోజులకు 5,178 రూపాయలు. వేదిక ఫీజు జీఎస్టీతో 1,770 అనుకుంటే మొత్తం 6,948.

ఫైనాన్స్ కంపెనీ పూచీతో ఇచ్చే డిస్కౌంటింగ్‌లో బిల్లులో 80 శాతమే, అంటే 4,80,000 ఇస్తారు. 18 శాతం చొప్పున 35 రోజులకు వడ్డీ 8,285. బిల్లు మీద 1 శాతం ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 7,080. మొత్తం 15,365. వారు చెప్పింది నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. ఫీజు కలిపి చూస్తే పడింది 2 రూపాయల 74 పైసలు. గడువు తక్కువైన బిల్లుల్లో ఫీజే ఎక్కువ భారం. అందుకే ‘వడ్డీ ఎంత’ అని కాకుండా ‘అన్నీ పోను నా చేతికి ఎంత వస్తుంది, ఎన్ని రోజులకు’ అని అడగాలి.

డబ్బు సమయానికి వస్తే ఓవర్‌డ్రాఫ్ట్, ట్రెడ్స్ దాదాపు సమానం. ఇప్పుడు కంపెనీ 45 రోజులకు బదులు 90 రోజులకు డబ్బు కట్టిందనుకుందాం.

ఓవర్‌డ్రాఫ్ట్‌లో మీరు 80 రోజులు వడ్డీ కట్టాలి. అది 14,466 రూపాయలు. ట్రెడ్స్‌లో మీ ఖర్చు 6,948 దగ్గరే ఆగిపోతుంది, ఆలస్యం బ్యాంకుకూ కంపెనీకీ మధ్య విషయం. పూచీ ఉన్న డిస్కౌంటింగ్‌లో గడువు దాటాక 24 శాతం వేస్తారనుకుంటే మరో 14,203 చేరి ఖర్చు 29,568 అవుతుంది. ఆ బిల్లు మీద మీకు మిగిలేది 30 వేలు అయితే లాభమంతా అందులోనే పోయినట్టు. అదీ కాక 46వ రోజునే ‘మా 4,80,000 తిరిగి కట్టండి’ అని అడిగే హక్కు వారికుంటుంది.

ఓవర్‌డ్రాఫ్ట్‌లో కనిపించని ప్రమాదం

ఓవర్‌డ్రాఫ్ట్‌కు మంచి గుణాలున్నాయి. వాడిన సొమ్ముకు, వాడిన రోజులకే వడ్డీ. బిల్లు పుట్టకముందే, పిక్కలు కొనే ఏప్రిల్‌లోనే డబ్బు తీయవచ్చు. డిస్కౌంటింగ్‌తో ఇది కుదరదు, ఎందుకంటే సరుకు పంపితేనే బిల్లు వస్తుంది.

ప్రమాదం రెండు చోట్ల ఉంది. సరుకు, రావాల్సిన బిల్లుల మీద ఇచ్చే లిమిట్‌లో బ్యాంకు మీరు ఇచ్చే స్టాకు లెక్క చూసి ఎంత తీయవచ్చో నిర్ణయిస్తుంది. మామూలుగా 90 రోజులు దాటిన బాకీలను ఆ లెక్కలో తీసుకోదు. అంటే కంపెనీ ఆలస్యం చేసినప్పుడే, మీకు డబ్బు బాగా అవసరమైనప్పుడే, తీయగలిగే సొమ్ము తగ్గుతుంది. గోదాములో సరుకు పాడైనా అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఎంత నష్టపోయిందో మీకు తెలుసు. అలాంటి రోజున స్టాకు పోతే లిమిటూ తగ్గుతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. స్టాకుకు బీమా ఉందో లేదో, అందులో తుఫాను, వరద ఉన్నాయో లేదో చూసుకోండి.

రెండోది, ఖాతాలో 90 రోజులు ఏ జమా పడకపోయినా, పడిన జమ వేసిన వడ్డీకి సరిపోకపోయినా అది మొండి బాకీ కిందికి వెళుతుంది. ఒక్క పెద్ద కంపెనీ మీదే ఆధారపడిన యూనిట్‌కు ఈ భయం ఎక్కువ. తాకట్టులో పొలం ఉంటే దాని మీదికీ వస్తుంది. చిన్న అమ్మకాల డబ్బు కూడా అదే ఖాతాలో వేస్తూ ఉండండి.

ఒకే బిల్లు రెండు చోట్ల పెట్టకండి

ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నప్పుడు రావాల్సిన బిల్లులన్నీ బ్యాంకుకు హామీగా రాసిచ్చి ఉండవచ్చు. అదే బిల్లును మరో చోట డిస్కౌంట్ చేస్తే మోసం కింద లెక్క. ముందు మీ బ్యాంకు నుంచి అభ్యంతరం లేదని కాగితం తీసుకోండి. ట్రెడ్స్ డబ్బు కూడా ఆ బ్యాంకు చెప్పిన ఖాతాకే రావాలంటుంది.

అసలు 90 రోజులు ఆగాలా?

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్‌కు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ ఇవ్వాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, అలా గడువు దాటిన సొమ్మును కట్టేదాకా కొన్నవారు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించలేరు. అందుకే మార్చి నెలకు ముందు ఈ మాట గుర్తు చేస్తే చాలాచోట్ల బిల్లు కదులుతుంది. ఈ రక్షణ పప్పు తయారుచేసే యూనిట్‌కు, ఉద్యమ్ నంబరు ఉంటేనే వర్తిస్తుంది. తోటలో పిక్కలు ఏరి వ్యాపారికి అమ్మే రైతుకు ఇది రాదు. సరుకు పంపకముందే నంబరు తీసుకుని, బిల్లు మీద ముద్రించి ఉంచండి.

ఏది ఎప్పుడు?

పిక్కలు కొనే మూడు నెలలకు ఓవర్‌డ్రాఫ్ట్ వాడండి. దసరా, దీపావళికి పెద్ద కంపెనీకి పంపిన బిల్లులను ట్రెడ్స్‌లో పెట్టి, వచ్చిన డబ్బుతో ఆ ఓవర్‌డ్రాఫ్ట్ దించండి. పూచీతో ఇచ్చే డిస్కౌంటింగ్‌కు వెళ్లక తప్పకపోతే, కొన్నవారు గతంలో మీకు ఎన్ని రోజులకు కట్టారో పాత ఐదు బిల్లులు తీసి చూడండి. ఒప్పందంలో 45 అని ఉన్నా ఆ ఐదింటిలో 80, 90 కనిపిస్తే, లెక్క 90తోనే వేయండి. అప్పుడూ లాభం మిగిలితేనే సంతకం పెట్టండి.