ఛాయాచిత్రాలు, లేఖల ఆధారంగా డాక్యుమెంటరీ కథన నిర్మాణం: ‘ది సివిల్ వార్’లో ఒక సన్నివేశం

అమెరికా అంతర్యుద్ధం (1861–65) చలనచిత్రం పుట్టకముందే ముగిసింది. ఆనాటి ఛాయాగ్రహణంలో బొమ్మ పడేందుకు కొన్ని క్షణాలపాటు కదలకుండా ఉండవలసి వచ్చేది. అందువల్ల పోరుకు ముందు నిలుచున్న సైనికులు, తర్వాత పడి ఉన్న శవాలు ఛాయాచిత్రాల్లో నిలిచాయి గాని, పోరు నిలవలేదు. కెన్ బర్న్స్ 1990లో రూపొందించిన ‘ది సివిల్ వార్’ ఈ ఖాళీని లేఖలతో పూరించింది.

దాని తొలి భాగం ముగింపులో మేజర్ సలివన్ బాలూ భార్య సారాకు రాసిన లేఖ వినిపిస్తుంది. లేఖ తేదీ 1861 జూలై 14. బుల్ రన్ యుద్ధం జరిగింది జూలై 21న. కాలక్రమం పాటిస్తే లేఖ ముందు రావాలి. అప్పుడు ప్రేక్షకుడు ‘ఇతడు బతుకుతాడా’ అని ఎదురుచూస్తాడు. బర్న్స్ యుద్ధాన్ని ముందు చెప్పి, వారం వెనక్కు వెళ్లి లేఖ వినిపించాడు. యుద్ధ ఫలితం తెలిసిన ప్రేక్షకుడికి రచయిత సందేహించిన ప్రతిమాటా జరిగిపోయిన విషయంగా వినిపిస్తుంది. ఉత్కంఠ తగ్గి, కరుణ పెరుగుతుంది. హోదా, మరణం వంటి వాస్తవాలను వ్యాఖ్యాత చెబుతాడు. లేఖను మరొక నటుడు చదువుతాడు. ఏ మాట పత్రానిదో, ఏది దర్శకునిదో ఈ స్వరభేదమే తెలుపుతుంది.

ఇటువంటి సన్నివేశానికి పఠనాన్ని ముందుగా రికార్డు చేసుకోవడం మేలు. చదివే గొంతు ఆగే చోటును బట్టి ఏ చిత్రం ఎంతసేపు నిలవాలో తేలుతుంది. చేతి నుంచి ముఖానికి, ముఖం నుంచి పూర్తి చిత్రానికి కెమెరా జరగాలంటే స్కాన్ పెద్దదిగా ఉండాలి. చిత్రపు వెడల్పులో మూడోవంతు భాగం 1920 పిక్సెళ్ల తెరను నింపాలంటే మొత్తం వెడల్పు 5760 పిక్సెళ్లు కావాలి. అంతకు తక్కువైతే ముఖం మసకబారుతుంది.

అసలు చిక్కు ఆధారాల దగ్గర వస్తుంది. బాలూ లేఖ మూలప్రతి దొరకలేదు, నకళ్లే ఉన్నాయి. చిత్రంలో వినిపించేది వాటి సంక్షిప్త పాఠం. అతడు యుద్ధంలో చనిపోయాడని వ్యాఖ్యాత అంటాడు. నిజానికి అక్కడ తీవ్రంగా గాయపడి, కొన్ని రోజుల తర్వాత మరణించాడు.

ఛాయాచిత్రం మరింత నమ్మకంగా తప్పుదారి పట్టించగలదు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్‌లో అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం రాళ్లచాటున పడి ఉన్న ఒక సైనికుణ్ణి చిత్రించింది. గురిచూసి కాల్చే యోధుడు తన మాటున మరణించాడన్న కథను గార్డ్‌నర్ దానికి జోడించాడు. అదే శవం మరోచోట తీసిన చిత్రాల్లోనూ ఉందని 1970లలో విలియం ఫ్రాసనీటో నిరూపించాడు. శవాన్ని మోసుకువచ్చి రాళ్ల మధ్య పెట్టారు. పక్కనున్న తుపాకీ కూడా అటువంటి యోధులు వాడేది కాదు. ఒక్క చిత్రాన్నే చూస్తే ఇది బయటపడదు. అదే రోజు, అదే ప్రదేశంలో తీసిన వరుసనంతా పక్కపక్కన పెట్టి దుస్తులను, ముఖాన్ని, నేలను పోల్చాలి.

అందుకే కూర్పుకు ముందే ప్రతి చిత్రం ఆ వ్యక్తిదా, ఆ ఘటనదా, లేక ఆ కాలానిది మాత్రమేనా అని గుర్తు పెట్టుకోవాలి. మూడో రకం చిత్రం తెరపై ఉండగా వ్యాఖ్యానంలో ‘ఇతడు’ అన్న మాట రాకూడదు.