రిపోర్ట్‌లో గ్రాఫ్ ఉంది, టేబుల్ లేదు: ఫోటో నుంచి అంకెలు తీయడం ఎలా?

ఇవాళ్టి టాపిక్ చిన్నదే, కానీ పని వచ్చేది. ఏదో ఆఫీసులో ఒక పాత రిపోర్ట్ చూశారు. అందులో మీ మండలంలోని ఒక పరిశీలక బావిలో నీటి మట్టం ఏ ఏడాది ఎంత ఉందో గ్రాఫ్ వేశారు. అంకెల టేబుల్ మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ తీసి ఫోటో కొట్టుకుని ఇంటికి వచ్చేశారు. ఇంట్లో నాన్న అడుగుతారు, "ఏరా, ఎండాకాలంలో నీళ్లు ఎంత లోతుకు పోతున్నాయి? బోరు మోటారు ఇంకో పైపు కిందకి దింపాలా వద్దా?" అని. గీత చూసి "బాగా కిందకి పోయాయి నాన్నా" అంటే సరిపోదు కదా, అంకె కావాలి.

ఒక్క మాట ముందే. ఈ పనికి దిగే ముందు అసలు అంకెలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడండి. భూగర్భ జలాల లెక్కలు India-WRIS సైట్‌లో పెడతారు. అక్కడ మీ బావి దొరికితే ఈ ఎపిసోడ్ మీకు అక్కర్లేదు. దొరకకపోతేనే గ్రాఫ్ మీద పడాలి.

ఇవాళ చూపించే గ్రాఫ్ ప్రాక్టీస్ కోసం నేనే వేసుకున్నది, ఏ ఊరి లెక్కా కాదు. పద్ధతి మాత్రం నిజం రిపోర్ట్‌కీ ఇదే.

ముందు ఫోటో సంగతి. చాలామంది ఫోన్‌ని పేజీకి దగ్గరగా పెట్టి, కొంచెం వంచి తీస్తారు. అలా తీస్తే గ్రాఫ్ డబ్బా ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా వస్తుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి, 2x జూమ్ పెట్టి, పేజీకి సరిగ్గా ఎదురుగా తీయండి. ఇప్పటికే వంకరగా తీసేసి ఉంటే, స్కానర్ యాప్‌లో నాలుగు మూలలు సర్దే ఆప్షన్ ఉంటుంది కదా, అది వాడండి. అయితే ఆ నాలుగు చుక్కల్ని పేజీ మూలల మీద కాదు, గ్రాఫ్ డబ్బా మూలల మీద పెట్టాలి. మనకి నిటారుగా కావాల్సింది పేజీ కాదు, గ్రాఫ్. లావుపాటి బైండింగ్ పుస్తకమైతే మధ్య మడత దగ్గర కాగితం వంగుతుంది. ఆ వంపుని ఈ ఆప్షన్ సరిచేయలేదు. పేజీని చేత్తో ఒత్తి మళ్లీ తీయడమే మందు.

ఇప్పుడు అసలు లెక్క. ఫోటోలో ప్రతి చుక్కకీ ఒక అడ్రస్ ఉంటుంది. ఎడమ అంచు నుంచి ఎన్ని పిక్సెళ్లు అనేది x, పై అంచు నుంచి ఎన్ని పిక్సెళ్లు అనేది y. కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి ఫోటో మీద మౌస్ పెడితే ఈ రెండూ కింద మూలలో కనిపిస్తాయి. కంప్యూటర్ లేదా? ఫోటోని ప్రింట్ తీసి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి, లెక్క మారదు.

నా గ్రాఫ్‌లో నిలువు గీత మీద 0 మీటర్లు పైన ఉంది, 25 మీటర్లు కింద ఉంది. తలకిందులు అన్నమాట. నీటి మట్టం గ్రాఫుల్లో ఇది మామూలే, ఎందుకంటే అది నేల మీద నుంచి కిందకి కొలిచిన లోతు. కానీ అన్ని రిపోర్టులూ అలా వేయవు. కొన్నింటిలో 0 కిందే ఉంటుంది. అలాంటి దాంట్లో గీత పైకి వెళ్తే నీళ్లు పెరిగినట్టు కాదు, ఇంకా లోతుకు పోయినట్టు! అందుకే గీత చూడకముందే పక్కన రాసిన పేరు చదవాలి. "నేల నుంచి లోతు" అని ఉందా, "సముద్ర మట్టం నుంచి ఎత్తు" అని ఉందా? ఇక్కడ తప్పితే మిగతా లెక్క ఎంత బాగా చేసినా జవాబు పూర్తిగా తిరగబడుతుంది.

సరే. 0 మీటర్ల గుర్తు y = 120 దగ్గర ఉంది, 25 మీటర్ల గుర్తు y = 1120 దగ్గర ఉంది. అంటే 1000 పిక్సెళ్లకి 25 మీటర్లు, మీటరుకి 40 పిక్సెళ్లు. అడ్డగీత మీద 2016 జనవరి గుర్తు x = 200, 2021 జనవరి గుర్తు x = 1700. అంటే ఏడాదికి 300 పిక్సెళ్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. "2016" అనే అంకె సరిగ్గా గుర్తు కిందే ఉందా, రెండు గుర్తుల మధ్యలో ఉందా చూడండి. మధ్యలో ఉంటే ఆ అంకె మొత్తం ఏడాదికి పేరు, జనవరి ఎడమ పక్క గుర్తు దగ్గర మొదలవుతుంది. అది గమనించకపోతే మీ తేదీలన్నీ ఆరు నెలలు జరిగిపోతాయి, మే నెల కాస్తా నవంబర్ అయిపోతుంది.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి A కాలమ్‌లో x, B కాలమ్‌లో y వేయండి. తేదీకి ఒక ఫార్ములా, లోతుకి ఒక ఫార్ములా:

```
=DATE(2016,1,1)+(A2-200)*(DATE(2021,1,1)-DATE(2016,1,1))/(1700-200)
=0+(B2-120)*(25-0)/(1120-120)
```

మొదటి దాంట్లో తేదీ బదులు పెద్ద అంకె కనిపిస్తే కంగారు పడకండి, ఆ సెల్ ఫార్మాట్‌ని డేట్‌కి మార్చండి చాలు. మీ గ్రాఫ్‌లో 0 కింద ఉన్నా ఫార్ములా ఇదే. ఏ గుర్తు విలువ ఎంత, అది ఎక్కడ ఉంది అనేది ఉన్నది ఉన్నట్టు వేస్తే, ప్లస్ మైనస్ దానంతట అదే సర్దుకుంటుంది.

మొదటి చుక్క x = 312, y = 772. ఫార్ములా ఇచ్చింది 2016 మే 16, లోతు 16.3 మీటర్లు. మిగతావి కూడా పెట్టాను:

```
x     y     నెల          లోతు (మీ.)
312   772   2016 మే      16.3
462   452   2016 నవంబర్  8.3
1212  1004  2019 మే      22.1
1362  600   2019 నవంబర్  12.0
```

తేదీ మే నెల మధ్యలో పడింది చూశారా? అది మంచి సూచన. కేంద్ర భూగర్భ జల మండలి మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరిలో, వానల ముందు ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబర్‌లో. మీకు వచ్చిన తేదీలు ఆ నెలల్లో పడితే అడ్డగీత లెక్క సరిగ్గా కుదిరినట్టు. అన్నీ ఫిబ్రవరి, సెప్టెంబర్ అని వస్తుంటే ఎక్కడో గుర్తు తప్పుగా పట్టుకున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏడాదికి నాలుగే కొలతలు అన్నాను కదా, మరి గ్రాఫ్‌లో గీత మాత్రం తెగకుండా ఉంటుంది. నాలుగు చుక్కల మధ్య గీత ఎవరూ కొలిచింది కాదు, సాఫ్ట్‌వేర్ చుక్కల్ని కలిపింది అంతే. మీరు గీత మీద జూలై దగ్గర క్లిక్ చేస్తే ఒక లోతు వస్తుంది. కానీ ఆ ఏడు వానలు లేటయ్యి జూలైలో నీళ్లు ఇంకా కిందకే పోతుండొచ్చు, గీత మాత్రం మే నుంచి ఆగస్టుకి సాఫీగా పైకి వస్తూ ఉంటుంది. అందుకే టేబుల్‌లోకి చుక్కలే తీసుకోవాలి. చుక్కలు గీయకపోతే గీత విరిగే మూలలు తీసుకోండి, కొలతలు అక్కడే ఉంటాయి.

మూలలే లేకుండా గీత మెత్తగా వంపులు తిరిగి ఉంటే జాగ్రత్త. ఎక్సెల్‌లో గీతని నున్నగా చేసే ఆప్షన్ ఉంది. అది చుక్కల్ని దాటి కొంచెం పైకీ కిందకీ పొంగుతుంది. అంటే గీత అట్టడుగున కనిపించే లోతు అసలు కొలతకన్నా ఎక్కువ ఉండొచ్చు. చుక్కలు కూడా కనిపిస్తుంటే, గీత అడుగు చుక్క దగ్గర కాకుండా కాస్త పక్కన ఉండటం చూసి దీన్ని పట్టేయొచ్చు.

ఈ పనికి WebPlotDigitizer అని అంకిత్ రోహత్గీ తయారుచేసిన టూల్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోటో ఎక్కించి, 2D (X-Y) Plot ఎంచుకుని, తెలిసిన నాలుగు గుర్తుల మీద క్లిక్ చేసి వాటి విలువలు ఇస్తే, పై లెక్కంతా అదే చేస్తుంది. ఫోన్‌లో వేలితో క్లిక్ చేయడం విసుగు, ల్యాప్‌టాప్ దొరికితే వాడండి. దాంట్లో గీత రంగు పట్టుకుని ఆటోమేటిక్‌గా చుక్కలు తీసే పద్ధతి కూడా ఉంది. చూడ్డానికి భలే ఉంటుంది, ఒక్క క్లిక్‌తో వందల వరుసలు వచ్చేస్తాయి. మన గ్రాఫ్‌కి మాత్రం అది వద్దు. ఐదేళ్లలో ఉన్నవి దాదాపు ఇరవై కొలతలే. మిగతావన్నీ ఎవరూ కొలవని మధ్య గీత ముక్కలు, ఒక్కోసారి అదే రంగులో ఉన్న అక్షరాలు కూడా.

ఇక ఈ అంకెల్ని ఎంత నమ్మొచ్చు? రెండు పరీక్షలు చేశాను. ఒకటి, లెక్కలో వాడని గుర్తుని చూడటం. 10 మీటర్ల గుర్తు లెక్క ప్రకారం y = 520 దగ్గర ఉండాలి, ఫోటోలో 526 దగ్గర ఉంది. 6 పిక్సెళ్లంటే 15 సెంటీమీటర్లు. కాగితం కొంచెం వంగింది అన్నమాట. రెండోది, ఒకే చుక్క మీద కాసేపు ఆగి మూడుసార్లు క్లిక్ చేయడం. 2019 మే చుక్కకి 1001, 1004, 1008 వచ్చాయి. అంటే నా చేతి తేడా ఇటో అటో 10 సెంటీమీటర్లు. రెండూ కలిపి, ప్రతి లోతూ పావు మీటరు అటూ ఇటూ ఉండొచ్చని అనుకోవాలి. షీట్స్ 22.1 అని చూపినా, నేనైతే నోటితో "దాదాపు 22 మీటర్లు" అనే చెబుతాను. 22.10 అని రాయడం అసలు వద్దు, ఆ చివరి సున్నా మన దగ్గర లేదు. రిపోర్ట్‌లో ఎక్కడైనా "ఆ ఏడు మేలో ఇంత లోతు" అని వాక్యంలో రాసి ఉంటే ఇంకా మంచిది, మీ చుక్కని దాంతో పోల్చుకోండి.

ఇప్పుడు నాన్న ప్రశ్న. 2016 మే నుంచి 2019 మేకి తేడా 5.8 మీటర్లు. పావు మీటరు తప్పు పెట్టుకున్నా ఈ తేడా ఎటూ పోదు. 20 అడుగుల పైపు ఒకటి అంటే దాదాపు 6 మీటర్లు, కాబట్టి ఈ బావిలో మూడేళ్లలో ఎండాకాలం నీళ్లు దాదాపు ఒక పైపు కిందకి పోయాయని ధైర్యంగా చెప్పొచ్చు. అదే రెండు నవంబర్‌ల మధ్య తేడా 0.2 మీటర్లే వచ్చి ఉంటే, పెరిగిందనీ తగ్గిందనీ చెప్పే హక్కు ఈ ఫోటోకి లేదు.

ఇంకో సంగతి. వరుసగా చాలా చుక్కలు ఒకే లోతు దగ్గర అడుగున పరుచుకుని ఉంటే, నీళ్లు అక్కడ ఆగాయని కాదు, ఆ పరిశీలక బావి లోతే అంత అయ్యుండొచ్చు. బావి ఎండిపోయాక నీళ్లు ఇంకెంత కిందకి వెళ్లాయో అది చెప్పలేదు. ఆ వరుసల్లో అంకెకి ముందు "కనీసం" అని రాయండి. పైగా అది మీ బోరు కాదు, మండలంలో ఎక్కడో ఉన్న ఇంకో బావి. ధోరణి మాత్రం అది చెబుతుంది. మీ బోరులో ఇవాళ ఎంత లోతులో ఉందో తాడుకి బరువు కట్టి మీరే కొలుచుకోవాలి.

టేబుల్ సేవ్ చేసేటప్పుడు పైన ఒక వరుస వదిలి, "ఫోటోలోని గ్రాఫ్ నుంచి తీసినవి, తప్పు 0.25 మీటర్లు అటూ ఇటూ" అని రాసి, రిపోర్ట్ పేరు, పేజీ నంబర్ వేయండి. ఫోటో డిలీట్ చేయకండి. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా "ఈ 22 ఎక్కడిది?" అని అడిగితే, మళ్లీ అదే చుక్క మీద క్లిక్ చేసి చూపించొచ్చు.