సంపులో నీళ్లెన్ని, సిమెంటు బస్తాలెన్ని?

"పది బై ఎనిమిది, ఏడడుగుల లోతు సార్" అని మేస్త్రి చెప్పగానే ఇంటాయన ఫోన్లో లెక్క కట్టేస్తాడు. 10 × 8 × 7 అంటే 560 ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. దాదాపు 15,850 లీటర్లు! తీరా నింపి చూస్తే రెండు ట్యాంకర్ల నీళ్లు కూడా పట్టవు. మేస్త్రి అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పింది బయటి కొలత.

గోడలు, అడుగు స్లాబు, పై స్లాబు అన్నీ ఆరంగుళాల మందం అనుకుందాం. పొడవులో అటో గోడ, ఇటో గోడ. కలిపి ఒక అడుగు పోతుంది. వెడల్పులోనూ అంతే. లోతులో కింది స్లాబు, పై స్లాబు కలిసి ఇంకో అడుగు తింటాయి. లోపల మిగిలేది 9 × 7 × 6, అంటే 378 ఘనపుటడుగులు, సుమారు 10,700 లీటర్లు. అదీ మొత్తం వాడుకోలేం. పైన ఆరంగుళాలు ఖాళీ వదలాలి. అడుగున మరో ఆరంగుళాల నీళ్లు ఫుట్‌వాల్వ్‌కు అందవు. మోటారు తోడగలిగేది 8,900 లీటర్లే.

పోయిన ఆ తేడాయే కాంక్రీటు. 560లోంచి 378 తీస్తే 182. రెండడుగుల చదరపు మ్యాన్‌హోల్‌కు 2 పోతే 180 ఘనపుటడుగులు. విడివిడిగా కట్టినా ఇదే రావాలి: స్లాబులు రెండూ కలిపి 80, పొడవు గోడలు 60, పొట్టి గోడలు 42. పొట్టి గోడను ఏడడుగులకు బదులు ఎనిమిదిగా వేస్తే మూలలు రెండుసార్లు లెక్కకొచ్చి 6 ఘనపుటడుగులు ఎక్కువ చూపిస్తుంది. ఎస్టిమేట్‌లో ముందు చూడాల్సింది అక్కడే.

తడి కాంక్రీటు 180 కావాలంటే పొడి సరుకు ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంటే 277 ఘనపుటడుగులు ఉండాలి. కలిపినప్పుడు కంకర సందుల్లోకి ఇసుక, సిమెంటు దూరి సరుకు కుదించుకుపోతుంది మరి. ఎం20 పాళ్లు 1 : 1½ : 3 ప్రకారం సిమెంటు 41 బస్తాలు, ఇసుక 76, కంకర 151 ఘనపుటడుగులు. తరుగుకు ఒకటి రెండు బస్తాలు కలుపుకోవాలి. నీళ్ల ట్యాంకుల ప్రమాణం ఐఎస్ 3370 మాత్రం స్టీలు వేసిన కాంక్రీటుకు కనీసం ఎం30 ఉండాలంటుంది. దాని పాళ్లు ఇంజనీరు డిజైన్ చేయాల్సిందే. స్టీలు లెక్కకూ ఆయన డ్రాయింగే ఆధారం.

నీళ్లు ఎక్కువ పడతాయని గోడ పలచన చేయమనే వాళ్లున్నారు. మన సంపు ఖాళీగా ఉన్నప్పుడు బరువు పన్నెండున్నర టన్నుల పైచిలుకు. చుట్టూ భూగర్భ జలం పైదాకా ఊరితే దాన్ని పైకి నెట్టే బలం దాదాపు 15.8 టన్నులు. అంటే ఆరంగుళాల గోడలున్నా, వానాకాలంలో కడగడానికని ఖాళీ చేస్తే సంపు పడవలా లేవచ్చు. ఊట ఉన్న నేలలో గోడ తగ్గించే మాట తర్వాత, బరువు పెంచే సంగతి ముందు అడగాలి.