స్టేటస్‌లో చాటింపు

మా వీధి మలుపులో ఒక స్టేషనరీ షాపు ఉంది. లోపలికి వెళ్లి చూసుకునేంత చోటు లేదు. కౌంటరు దగ్గర నిలబడి, పైఅరలోకి చెయ్యి చూపించి అడగాలి. 2025 జూన్ 12, గురువారం బడులు తెరిచారు. ఆ వెంటనే వచ్చిన శని, ఆదివారాల్లో లాంగ్ నోట్‌బుక్కుల మీద రెండు రోజుల తగ్గింపు అమ్మకం పెట్టారు షాపాయన. ఇప్పుడు అందరూ దీన్ని ఫ్లాష్ సేల్ అంటున్నారు. గడువు తక్కువ, సరుకు ఇంతే అని ముందే చెప్పి అమ్మడం. శుక్రవారం పొద్దున పదింటికి వాట్సాప్ స్టేటస్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలోనూ ఒక పోస్టరు పెట్టారు. శనివారం పొద్దున నలుగురైదుగురు వచ్చారు. ఆ తరువాత రెండు రోజులూ మామూలు బేరమే.

"అంతమంది చూశారు సార్, ఒక్కరూ రాలేదేంటి?" అని నన్నడిగారు ఆదివారం రాత్రి. ఫోన్ తీసి చూస్తే పోస్టరు లేదు. స్టోరీ అయినా స్టేటస్ అయినా పెట్టిన ఇరవై నాలుగు గంటలకు దానంతటదే మాయమవుతుంది. శుక్రవారం పదింటికి పెట్టింది శనివారం పదింటికి పోయింది. సేల్ మొదలైంది శనివారం తొమ్మిదింటికి. అంటే సేల్ లేని రోజంతా ప్రకటన ఉంది. సేల్ జరిగిన రెండు రోజుల్లో గంటసేపే ఉంది.

స్నాప్‌చాట్ 2013లో ఈ పద్ధతిని మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్, 2017లో వాట్సాప్ అందుకున్నాయి. రోజు గడిస్తే చెరిగిపోవడమే దీని స్వభావం. గోడమీద అతికించిన కాగితంలా దీన్ని వాడితే పని జరగదు. ఊళ్లో చాటింపు వేసేవాడు ప్రతి కూడలిలో ఆగి డప్పు కొట్టి మళ్లీ చెప్పేవాడు కదా, దీని నడక అది.

తరువాతి వారం, అంటే జూన్ 21, 22 తేదీలకు, ఆయనా, ఇంటర్ చదివే వాళ్లమ్మాయీ, నేనూ కూర్చుని మళ్లీ వేశాం. ముందు ఫోన్ పక్కన పెట్టి కాగితం మీద లెక్క చూశాం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఎమ్మార్పీ 80 రూపాయలు. షాపాయనకు పడింది 56. రోజూ అమ్మేది 72కి. ఎమ్మార్పీకి ఎవరూ కొనరు, ఎనిమిది రూపాయలు తగ్గించడం మామూలే. సేల్‌లో 64 అనుకున్నాం. "20 శాతం తగ్గింపు అని రాద్దాం నాన్నా," అంది అమ్మాయి. ఎమ్మార్పీ మీద లెక్కేస్తే అది నిజమే. కానీ రోజూ 72కి కొనే ఆవిడ దృష్టిలో తగ్గింది ఎనిమిది రూపాయలే, పదకొండు శాతం. "20 శాతం" అని చదివి వచ్చి, ఇంతేనా అనుకుంటే ఆ మొహం ఇంకో సేల్‌కి రాదు. అందుకే శాతం వద్దని ధరే రాశాం: 80 ధర పుస్తకం, 64కి.

ఆయన వైపు నుంచి చూస్తే రోజూ ఒక పుస్తకం మీద 16 మిగిలేది, సేల్‌లో 8 మిగులుతుంది. అలవాటుగా శని, ఆదివారాల్లో రెండు వందల పుస్తకాలు పోతాయట, అంటే 3,200 రూపాయలు. అదే డబ్బు రావాలంటే నాలుగు వందలు అమ్మాలి. నలభై డజన్లు తెప్పించారు, 480 పుస్తకాలు. ఈ లెక్క తేలకుండా స్టోరీ తయారు చేయడం దండగ. ఎన్ని పుస్తకాలు ఉన్నాయో, ఇంటికి ఎన్ని ఇస్తారో అందులో రాయాలి కాబట్టి. అది మర్యాద కోసమే కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనల గురించి ప్రత్యేకంగా చెబుతాయి: ప్రకటించిన ధరకు అమ్మే ఉద్దేశం, తగినంత సరుకు ఉండాలి, సరుకు పరిమితమైతే ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ప్రకటన ఏ మాధ్యమంలో ఉన్నా అవి వర్తిస్తాయి. వీధి చివరి షాపు స్టేటస్‌కి మినహాయింపేమీ లేదు.

ఇక కార్డులు. ఒక్కో కార్డు తెర మీద ఐదారు సెకన్లే ఉంటుంది. మొదటివారం పోస్టరులో పదిహేడు సరుకుల పేర్లు, రెండు ఫోన్ నంబర్లు, చిరునామా, వినాయకుడి బొమ్మ ఉన్నాయి. ఐదు సెకన్లలో వినాయకుణ్ణి మాత్రం అందరూ చూసి ఉంటారు. ఈసారి కార్డుకి ఒక్క పని అనుకున్నాం, ఐదు కార్డులు.

మొదటిది వీడియో. కొత్త కట్టల తాడు కోయడం, పుస్తకాలు కౌంటరు మీద పరచడం, పైన ధర. నెట్‌లో దొరికే రంగుల బొమ్మ పెట్టి ఉంటే ఎవరూ ఆగేవారు కాదు. తెలిసిన కౌంటరు, తెలిసిన చెయ్యి కనిపిస్తే ఆగుతారు. రెండోది ఏ పుస్తకమో చెప్పేది: పేజీలెన్ని, రూళ్లవా తెల్లవా. తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే. మూడోది రోజు, వేళ, పరిమితి: ఇంటికి ఒక డజను. నాలుగోది షాపు ఫోటో. బోర్డు దగ్గరగా తీసింది కాదు, రోడ్డు అవతల నుంచి పక్కనున్న టీ బండితో సహా తీసింది. వచ్చేవాళ్ల గుర్తు టీ బండే. ఐదోది: "మీ స్కూలు లిస్టు ఫోటో పంపండి, కట్ట కట్టి పేరు రాసి ఉంచుతాం."

ఈ ఐదోదే అసలు ఊపిరి అని నా అభిప్రాయం. "త్వరపడండి" అంటే ఎవరూ త్వరపడరు. కూర్చున్నచోట నుంచి ఇప్పుడే చేయగలిగిన చిన్న పని ఒకటి చూపిస్తే చేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో కౌంట్‌డౌన్ స్టిక్కరు అని ఉంటుంది. దాన్ని నొక్కినవాళ్లకు సమయం అయినప్పుడు గుర్తు చేస్తుంది. అదీ పెట్టాం. కానీ అమ్మానాన్నలు ఎక్కువమంది ఉండేది వాట్సాప్‌లో. అక్కడ లిస్టు ఫోటోనే పనిచేసింది.

తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకని చేసిన డిజైన్‌లో వరసల మధ్య ఎడం తక్కువ. అందులో తెలుగు పోస్తే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద పడి, రెండూ చదవబుద్ధి కావు. వరసలు దూరం జరిపి, అక్షరం పెద్దది చేశాం. ఇంకో సంగతి, నిలువు తెర మొత్తం మనది కాదు. పైన ఖాతా పేరు వస్తుంది, కింద జవాబు రాసే పెట్టె వస్తుంది. 1080 వెడల్పు, 1920 ఎత్తు పిక్సెళ్ల కార్డులో పైన 250, కింద 340 దాకా ఖాళీగా వదిలితే మంచిది. మొదటివారం ఫోన్ నంబరు సరిగ్గా ఆ కింది పెట్టె వెనక దాక్కుంది.

మేం తప్పించుకున్న పెద్ద పొరపాటు "రేపు" అనే మాట. మొదటి ప్రతిలో "రేపు, ఎల్లుండి" అని రాసింది అమ్మాయి. శుక్రవారం రాత్రి ఏడింటికి పెట్టిన కార్డుని శనివారం మధ్యాహ్నం చూసినవాళ్లకు "రేపు" అంటే ఆదివారం. అందుకే ప్రతి కార్డులో "జూన్ 21 శని, 22 ఆది" అని తేదీలే వేశాం. వరసకీ ఒక తీరు ఉంది. కార్డులు పాతవి ముందు, కొత్తవి వెనక వస్తాయి. శుక్రవారమే చూసినవాళ్లకు చూడని కార్డుల నుంచి మొదలవుతుంది. కొత్తగా తెరిచినవాళ్లకు మొదటి నుంచి వస్తుంది. ఎవరు ఎక్కడ నుంచి చూస్తారో, ఎక్కడ ఆపేస్తారో మన చేతిలో లేదు. కాబట్టి ఏ కార్డు విడిగా చూసినా ధర, తేదీ కనబడాలి.

వేళలు గోడమీది క్యాలెండరు మీద రాసుకున్నాం. శుక్రవారం రాత్రి ఏడింటికి ఐదు కార్డులు. శనివారం ఎనిమిదింటికి ఒకటి, షట్టరు ఎత్తే వీడియో. శనివారం ఆరున్నరకు, అంటే పాతవి పోవడానికి అరగంట ముందు, ధర, వేళ, లిస్టు కార్డులు మళ్లీ, మిగిలిన పుస్తకాల లెక్కతో. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆఖరిది: "ఇంకా 90 ఉన్నాయి. రాత్రి తొమ్మిది వరకే."

వాట్సాప్‌లో ఒక అడ్డంకి ముందే తీర్చుకోవాల్సి వచ్చింది. షాపు నంబరు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల నంబరు షాపు ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. షాపాయన ఫోన్‌లో పదేళ్ల ఖాతాదారుల నంబర్లున్నాయి. ఆయన నంబరు వాళ్ల దగ్గర "బుక్స్ షాప్" అనైనా ఉందో లేదో తెలియదు. వారమంతా బిల్లు ఇచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, స్టేటస్‌లో రేట్లు పెడతాం," అని చెప్పారు. ఏ డిజైన్ కన్నా ఆ మాటే ఎక్కువమందిని తెచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఇన్‌స్టాగ్రామ్‌లో లెక్కలు చూశాం. ఏ కార్డుని ఎందరు చూశారో అది విడివిడిగా చెబుతుంది. మొదటి రెండు కార్డులు దగ్గరదగ్గరగా రెండు వందల మంది చూశారు, మూడోదానికి దాటేసరికి మూడోవంతు జారిపోయారు. ఎక్కడ పడిందో అక్కడే జబ్బు. మూడో కార్డులో పరిమితి, వేళ, "మార్పిడి లేదు", "కార్డు చెల్లదు" అని నాలుగు వరసలు కుక్కాం. సాయంత్రం పెట్టేటప్పుడు కింది రెండూ తీసేశాం. అవి కౌంటరు దగ్గర చెప్పొచ్చు.

ఆదివారం తొమ్మిదింటికి 432 పుస్తకాలు పోయాయి, నాలుగు డజన్లు మిగిలాయి. నోట్‌బుక్కుల మీద మిగిలింది 3,456 రూపాయలు. మామూలు వారం కన్నా 256 ఎక్కువ. రెండు రోజులు నిలబడినందుకు అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అట్టలకు గోధుమరంగు కాగితం, పేర్ల లేబుళ్లు ఏ తగ్గింపూ లేకుండా ఖాళీ అయ్యాయి. పుస్తకం కొన్న ప్రతివాళ్లూ వాటికోసం చెయ్యి చూపించారు.

సోమవారం నాలుగు దాటాక, బడి బ్యాగుతో ఒక కుర్రాడు వచ్చి నాలుగు నోట్‌బుక్కులు అడిగాడు. షాపాయన 72 చొప్పున లెక్క చెప్పారు. వాడు అమ్మ ఫోన్ తీసి చూపించాడు. ఆదివారం ఐదింటికి పెట్టిన ఆఖరి కార్డు, 64 అంకెతో, ఇంకా బతికే ఉంది. దానికి ఇంకో అరగంట ఆయుష్షుంది.

ఆయన నాలుగు పుస్తకాలు 64 చొప్పునే ఇచ్చి, లోపలికి తిరిగి, "అమ్మాయ్, దాన్ని తీసెయ్యమ్మా," అని కేకేశారు.