పన్నెండు మార్కుల వెనక ఏముంది?

యూనిట్ టెస్టు, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ, పీరియాడిక్... పేర్లు ఎన్ని మారినా ఇంట్లో అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: ‘ఎన్నొచ్చాయి?’ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది అంటారు భిలాయ్‌లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే ఒక టీచరు. అక్కడి తెలుగు తల్లిదండ్రులకు రాసిన ఉత్తరమే ఈ వారం ముఖచిత్ర కథనం.

అమ్మలకు, నాన్నలకు నమస్కారం.

పోయిన వారం పీరియాడిక్ టెస్టు పేపర్లు ఇంటికి పంపాం. ఆ సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. ‘ఇరవైకి పన్నెండేనా? ట్యూషన్ పెట్టించమంటారా?’ అని చాలామంది అడిగారు. ఒకరిద్దరు ఇంకో మాట కూడా అడిగారు: ‘ఊళ్లో మా అన్నయ్య పిల్లలకు ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు అంటున్నారు. ఇక్కడ వేరే పేర్లు చెబుతున్నారు. ఏది దేనికి?’ ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే కంటే అందరికీ కలిపి రాయడం మేలనిపించింది.

ముందు పేర్ల సంగతి. ఫార్మేటివ్ అంటే పాఠం నడుస్తుండగా, పిల్లవాడికి ఎక్కడ అందిందో ఎక్కడ అందలేదో చూసి, దాన్నిబట్టి పాఠాన్ని సరిదిద్దుకోవడానికి చేసేది. తెలుగు పాఠ్యపుస్తకాల భాషలో నిర్మాణాత్మక మూల్యాంకనం. సమ్మేటివ్ అంటే పాఠమో, టర్మో, ఏడాదో పూర్తయ్యాక మొత్తం మీద ఎంత వచ్చిందో తేల్చేది. అది సంగ్రహణాత్మక మూల్యాంకనం. ఈ తేడాను 1967లో మైకేల్ స్క్రివెన్ అనే తత్వవేత్త పాఠ్యప్రణాళికల మంచిచెడ్డలు తేల్చే సందర్భంలో చెప్పాడు. దాన్ని పిల్లల చదువుకు తెచ్చినవాడు బెంజమిన్ బ్లూమ్. తెలుగు రాష్ట్రాల్లో నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు అన్న లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

పేరును బట్టి మాత్రం మోసపోకండి. ఒకే ప్రశ్నపత్రం ఫార్మేటివ్ కావచ్చు, సమ్మేటివ్ కావచ్చు. జవాబులు చూశాక ఎవరు ఏం చేశారన్నదే అసలు తేడా.

ఒకే మార్కు, రెండు రోగాలు

మొన్నటి పేపరే తీసుకుందాం. సమీకరణాల పాఠం మీద రెండేసి మార్కుల లెక్కలు ఆరు, నాలుగేసి మార్కుల వర్డ్ ప్రాబ్లమ్స్ రెండు. మొత్తం ఇరవై. ఇద్దరు పిల్లలకు సరిగ్గా పన్నెండు చొప్పున వచ్చాయనుకోండి.

మొదటి పిల్లవాడు ప్రశ్నలన్నీ రాశాడు. బ్రాకెట్ ఉన్న నాలుగు లెక్కల్లో ఒక్కో మార్కు, బ్రాకెట్‌తో తేలే రెండు వర్డ్ ప్రాబ్లమ్స్‌లో రెండేసి మార్కులు పోయాయి. రెండో పిల్లవాడు ఆరు లెక్కలూ తప్పులేకుండా చేసి, వర్డ్ ప్రాబ్లమ్స్ రెండూ ఖాళీగా వదిలేశాడు. ఇద్దరికీ పోయింది ఎనిమిదే. రిపోర్టు కార్డులో ఇద్దరూ సమానం.

మొదటివాడి లెక్క ఒకటి చూడండి: 5x − 2(x − 3) = 18. బ్రాకెట్ విప్పితే −2x + 6 రావాలి. అప్పుడు 3x = 12, x = 4. వీడు −2x − 6 అని రాశాడు. అలా 3x = 24 అయి, x = 8 తేలింది. ఈ తప్పులోని చిక్కేమిటంటే జవాబు చక్కటి పూర్ణసంఖ్యగా వచ్చింది. భిన్నమేదైనా వచ్చి ఉంటే వాడికే అనుమానం వచ్చేది. ఎనిమిది రాగానే సరిపోయిందనుకుని కింద గీత గీసేశాడు. xకు బదులు 8 పెట్టి చూసుకుంటే ఎడమవైపు 40 − 10, అంటే 30 వస్తుంది. 18 కావాలి కదా!

ఈ పిల్లవాడికి సమీకరణాలు రావనడం అన్యాయం. వాడికి అన్నీ వచ్చు, మైనస్ గుర్తు బ్రాకెట్‌లోని రెండో పదం దాకా వెళ్లి దాని గుర్తును మారుస్తుందన్న ఒక్క సంగతి తప్ప. ఆ ఒక్కటే ఆరు చోట్ల ఆరు తప్పులుగా కనబడింది.

రెండోవాడి సంగతి వేరు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్ మాట్లాడతారు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అదే ప్రశ్న తెలుగులో చదివి వినిపిస్తే, ‘అంతేనా టీచర్?’ అంటూ సమీకరణం రాసేశాడు. వాడికి తెలియనిది లెక్క కాదు. మూడు వరుసల ఇంగ్లిష్ వాక్యంలో ఏది తెలిసిన సంఖ్యో, ఏది కనుక్కోవాల్సినదో విడదీయడం దగ్గర ఆగిపోతున్నాడు. మొదటివాడికి చేసే మందు వీడికి పనిచేయదు. వీడికి ఇంకో యాభై సమీకరణాలు ఇచ్చి చేయించే ట్యూషన్ దండగ.

పన్నెండు అన్న అంకె ఇదేమీ చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు.

చీటీలు చెప్పే సంగతి

ఇలాంటి తప్పును టెస్టు దాకా రానివ్వకుండా పాఠంలోనే పట్టుకోవడం ఫార్మేటివ్ పని. మా క్లాసులో అది జరిగే పద్ధతి ఇది. పీరియడ్ ముగియడానికి ఐదు నిమిషాల ముందు బోర్డు మీద ఒకే ఒక లెక్క రాస్తాం. పిల్లలు చిన్న చీటీ మీద చేసి ఇచ్చి వెళతారు. మార్కులు వేయం. చీటీలను మూడు కుప్పలుగా పెడతాం: సరిగ్గా చేసినవి, ఒకే రకం తప్పు ఉన్నవి, తలో రకంగా తప్పినవి.

నలభై మంది క్లాసు అనుకుందాం. పై లెక్కకు ముప్పై ఐదు మంది 4 అని రాసి, ముగ్గురు 8 అని రాస్తే ఆ ముగ్గురితో మర్నాడు విడిగా కూర్చుంటే చాలు. పదిహేను మంది 8 అని రాస్తే తప్పు పిల్లలది కాదు, పాఠం చెప్పిన తీరుది. మళ్లీ చెప్పాలి, అదీ ఇంకో దారిలో.

ఆ దారి ఇలా ఉంటుంది. మర్నాడు x తీసేసి అంకెలే ఇస్తాం: 18 − 2(5 − 3). ముందు బ్రాకెట్‌లోది తేల్చి చేయమంటే అందరికీ 14 వస్తుంది. తర్వాత నిన్నటిలాగే బ్రాకెట్ విప్పి చేయమంటాం. నిన్న తప్పినవాళ్లు 18 − 10 − 6 అని రాస్తారు, 2 వస్తుంది. ఒకే లెక్కకు రెండు జవాబులా? క్లాసులో గొడవ మొదలవుతుంది. ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లే వెతికి, ఆరు ముందు ప్లస్ ఉండాలని వాళ్లే తేల్చుకుంటారు. చివర మళ్లీ ఒక చీటీ. 8 రాసేవాళ్లు తగ్గారా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ప్లాంటులో స్టీల్ మెల్టింగ్ షాపులో పనిచేసే నాన్నలకు ఇది కొత్త కాదు. ఉక్కు ద్రవంగా ఉండగానే శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపుతారు. కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత అన్న రిపోర్టు నిమిషాల్లో వస్తుంది, దాన్నిబట్టి కావాల్సింది కలుపుతారు. అదే ఉక్కు రైలు పట్టాగా తయారయ్యాక అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. లోపల పగులుంటే ఆ పట్టాను పక్కన పెట్టడమే, అప్పుడిక కలపడానికేమీ ఉండదు. రెండు పరీక్షలూ కావాలి. రెండోది లేకుండా ఆ పట్టా మీద రైలు నడపలేం. కానీ ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఎవరూ ఏమీ కలపకపోతే శాంపిల్ తీసి లాభమేమిటి?

సీసీఈ ఎందుకు నిలవలేదు?

‘ఇదంతా సీసీఈ అని ఒకప్పుడు చేశారుగా, తీసేశారుగా’ అని మీలో కొందరు అనొచ్చు. నిజమే. 2009లో సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతితో దాన్ని మొదలుపెట్టింది. నాలుగు ఎఫ్‌ఏలకు పదేసి శాతం, రెండు ఎస్‌ఏలకు కలిపి అరవై శాతం. 2017-18 నుంచి ఆ పద్ధతి పోయింది.

నా దృష్టిలో లోపం ఆ పదేసి శాతంలోనే ఉంది. ఎఫ్‌ఏకు ఫైనల్ గ్రేడులో వాటా ఇవ్వగానే ప్రతి ఎఫ్‌ఏ ఒక చిన్న ఎస్‌ఏ అయి కూర్చుంది. మార్కు పోతుందని తెలిస్తే పిల్లవాడు తనకు రానిదాన్ని చూపిస్తాడా, దాస్తాడా? పక్కవాడి చీటీ చూస్తాడు. ప్రాజెక్టు వర్కులు ఇళ్లలో పెద్దవాళ్లు చేసిపెట్టారు, థర్మోకోల్ మోడళ్లు షాపుల్లో కొన్నారు. టీచర్ల సమయం రికార్డులు నింపడానికే చాలలేదు. తప్పు చూసి పాఠం మార్చడం అనే అసలు పని వెనక్కి పోయింది.

మార్కు పక్కన ఉంటే మాట చెవికెక్కదని చూపించిన పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించింది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఎక్కడ ఎలా సరిదిద్దుకోవాలో రాసి ఇచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లకు వ్యాఖ్య వల్ల ఒరిగింది లేదు. చీటీల మీద మార్కు వేయకపోవడం బద్ధకం వల్ల కాదని ఇప్పుడు ఒప్పుకుంటారనుకుంటాను.

సమ్మేటివ్ అక్కర్లేదా?

తప్పకుండా కావాలి. తొమ్మిది, పది తరగతుల్లో సీబీఎస్‌ఈ ప్రకారం ఏడాది చివరి పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20. ఆ ఇరవైలో పీరియాడిక్ టెస్టులకు ఐదు. మూడు పెట్టి, మెరుగైన రెండింటి సగటు తీసుకుంటారు. మిగతా పదిహేనులో క్విజ్, మౌఖికం లాంటి రకరకాల పద్ధతులకు ఐదు, పోర్ట్‌ఫోలియోకు ఐదు, ల్యాబ్ లాంటి విషయ కార్యకలాపాలకు ఐదు. ఇవన్నీ లెక్కలోకి వచ్చే మార్కులు, కాబట్టి సమ్మేటివ్ కిందికే వస్తాయి. పై చదువులకు సీటు ఎవరికన్నప్పుడు అందరికీ ఒకే కొలత ఉండాలి. చీటీలతో ఆ పని జరగదు. టీచరు టీచరుకూ అవి మారతాయి, వాటిని పోల్చి చూడలేం.

ఫార్మేటివ్‌కు ఇంకో హద్దు కూడా ఉంది. నలభై చీటీలు చూసి, మర్నాటి పాఠం మార్చుకోవడానికి టైము కావాలి. రోజూ, ప్రతి పాఠానికీ అది కుదరదు. పిల్లలు తప్పే అవకాశం ఎక్కువున్న మలుపుల దగ్గరే చేస్తాం. కోచింగ్ సెంటర్లలో వారం వారం పెట్టే టెస్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ర్యాంకు లిస్టు అంటించి మర్నాడు కొత్త చాప్టర్ మొదలుపెడితే, ఎన్ని టెస్టులు పెట్టినా అవి సమ్మేటివే. తప్పులు కూర్చుని చర్చించి, మళ్లీ చేయిస్తే అవే ఫార్మేటివ్ అవుతాయి.

ఇంట్లో మీరు చూడాల్సింది

ట్యూషన్ నిర్ణయం తీసుకునే ముందు ఆ పేపరు ముందు పెట్టుకుని పిల్లవాడినే అడగండి: ‘ఈ ఎనిమిది ఎక్కడ పోయాయి? అన్నీ ఒకే రకం తప్పులా, వేర్వేరా?’ వాడు చెప్పగలిగితే సగం పని అయినట్టే. ‘సిల్లీ మిస్టేక్స్’ అని దాటేస్తే నమ్మకండి. ఒకే చోట మూడుసార్లు తప్పాడంటే అది అజాగ్రత్త కాదు, తెలియనితనం.

తర్వాత నోట్‌బుక్ తీయండి. నేను తప్పు చూపించిన ప్రతిచోటా కింద పిల్లవాడు మళ్లీ చేసిన లెక్క ఉండాలి. లేకపోతే నా వ్యాఖ్య వృథా అయినట్టే. నోట్‌బుక్‌లో నా వ్యాఖ్యే లేకపోతే నన్ను అడిగే హక్కు మీకుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు రిపోర్టు కార్డుతో పాటు దిద్దిన పేపరు కూడా తీసుకురండి. మార్కుల గురించి ఒక నిమిషం మాట్లాడుకుని, మిగతా సమయమంతా ఆ పేపరులోని తప్పుల మీదే కూర్చుందాం.

ఇట్లు,
మీ పిల్లల లెక్కల టీచరు,
భిలాయ్